ఆరు పక్కల గట్టుకి మూడు లెక్కలు

చీపురుపల్లి నుంచి రాజాం వెళ్ళే దారిలో మా ఊరు. ఊరి మధ్యలో రావిచెట్టు, దాని చుట్టూ ఎప్పటిదో మట్టి గట్టు. వానలకి కరిగి కరిగి కూర్చోడానికి పనికిరాకుండా పోయింది. ఊళ్ళో అందరూ తలా కొంత వేసుకుని ఈసారి ఇటుకతో కట్టిద్దామనుకున్నారు. మేస్త్రి ఆరు పక్కలుగా గోడ లేపాడు. ఒక్కో పక్క సరిగ్గా ఆరడుగులు. ఇక పైన గ్రానైట్ పలకలు పరిస్తే పని అయిపోతుంది. ఎన్ని చదరపు అడుగుల రాయి కావాలన్న దగ్గర తగువు మొదలైంది.

మా బాబాయి 113 అన్నాడు. పదో తరగతి చదువుతున్న మా తమ్ముడి కొడుకు సెల్‌ఫోన్‌లో లెక్క కట్టి 70 అన్నాడు. విజయనగరంలో రాళ్ళ దుకాణం వాళ్ళు ఫోన్లోనే కొలతలు అడిగి 125 అని చెప్పేశారు. మేస్త్రి చేతిలో టేపు చుట్టుకుంటూ, "ఏటండి మాస్టారూ, ఒక్క గట్టుకి మూడు లెక్కలా?" అన్నాడు. పాతికేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి కదా, నా వైపే చూశారందరూ.

మూడూ తప్పే. కానీ మూడూ ఊరికే పుట్టిన తప్పులు కావు. ఏ తప్పు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ముందు సరైన లెక్క ఎలా వస్తుందో చూడాలి. దానికి సూత్రం అక్కర్లేదు. మేస్త్రి దగ్గరున్న పురికొస చాలు.

అక్కడే పక్కనున్న ఖాళీ చోట ఒక మేకు దిగ్గొట్టి, ఆరడుగుల తాడు కట్టి నేల మీద గుండ్రంగా గీత గీయించాను. ఆ గీత మీద ఎక్కడో ఒకచోట చుక్క పెట్టాం. తర్వాత అదే ఆరడుగుల తాడుని ఆ చుక్క నుంచి గీత మీద మరో చోటికి లాగి రెండో చుక్క, అక్కణ్ణించి మూడో చుక్క పెట్టుకుంటూ పోయాం. ఆరోసారి తాడు లాగేసరికి తాడు కొస మొదటి చుక్క మీదే పడింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఈ పని చాలామందికి తెలుసు. బళ్ళో కంపాస్‌తో పువ్వు బొమ్మ గీసిన ప్రతి పిల్లాడూ చేసిందే. కానీ ఎందుకలా సరిగ్గా ఆరుసార్లకే మూసుకుంటుందని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు.

కారణం కోణంలో ఉంది. మేకు చుట్టూ ఒక పూర్తి చుట్టు 360 డిగ్రీలు. ఆరు సమాన భాగాలు చేస్తే ఒక్కోటి 60. ఇప్పుడు మేకు నుంచి పక్కపక్కనున్న రెండు చుక్కలకి గీతలు గీస్తే ఒక త్రిభుజం వస్తుంది. అందులో మేకు దగ్గర కోణం 60 డిగ్రీలు. మేకు నుంచి చుక్కలకున్న రెండు గీతలూ ఒకే తాడు కొలత కాబట్టి రెండూ సమానం. రెండు భుజాలు సమానమైతే వాటికి ఎదురుగా ఉన్న రెండు కోణాలూ సమానం. త్రిభుజంలో మొత్తం 180. అందులో 60 మేకు దగ్గర పోతే మిగిలింది 120, దాన్ని రెండు కోణాలూ సమానంగా పంచుకుంటే చెరి 60. మూడు కోణాలూ 60 అయ్యాయంటే మూడు భుజాలూ సమానమే. అది సమబాహు త్రిభుజం. అంటే షడ్భుజి పక్క ఎంతో, మధ్య నుంచి మూలకి దూరమూ అంతే.

ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు, తక్కినదంతా దాని వెంట వస్తుంది. మన దేశంలో ఇది కొత్త సంగతీ కాదు. 499లో రాసిన ఆర్యభటీయంలోనే, చుట్టుకొలతలో ఆరో భాగానికి గీసిన జ్యా వ్యాసంలో సగానికి సమానమని ఉంది. మేం పురికొసతో చేసింది సరిగ్గా అదే.

ఈ సుళువు ఆరుకే ఉంది, అది గుర్తుంచుకోవాలి. అదే వృత్తంలో అయిదు పక్కలు చేస్తే మేకు దగ్గర కోణం 72 డిగ్రీలు అవుతుంది, పక్క తాడు కంటే పొడుగై ఏడడుగులు దాటుతుంది. ఎనిమిది పక్కలు చేస్తే కోణం 45కి తగ్గి పక్క నాలుగడుగుల ఏడంగుళాలకి కుంచించుకుపోతుంది. అక్కడ కూడా మధ్య నుంచి త్రిభుజాలుగా కొయ్యొచ్చు గానీ అవి సమబాహువులు కావు. పరీక్షల్లో అష్టభుజి ఇస్తే ఎనిమిది సమబాహు త్రిభుజాలు అని రాసి మార్కులు పోగొట్టుకునే పిల్లల్ని ప్రతి ఏడాదీ చూశాను.

ఇప్పుడు గట్టు దగ్గరికి వద్దాం. గట్టు అంటే ఆరు సమబాహు త్రిభుజాలు, ఒక్కోదానికి భుజం ఆరడుగులు. ఒక్క త్రిభుజం వైశాల్యం తెలిస్తే ఆరుతో గుణించెయ్యడమే.

త్రిభుజం వైశాల్యం అంటే భూమిలో సగాన్ని ఎత్తుతో గుణించాలి. భూమి ఆరడుగులు, అందులో సగం మూడు. ఎత్తు ఎంత? ఇక్కడ చాలామంది ఎత్తు కూడా ఆరే అనుకుంటారు. భుజం ఏటవాలుగా పోతుంది, ఎత్తు నిటారుగా దిగుతుంది. నిటారుగా దిగేది ఏటవాలు దానికంటే ఎప్పుడూ పొట్టే. నేల మీద గీసిన త్రిభుజంలో పై కొస నుంచి కింది గీత మధ్యకి టేపు పెట్టించాను. అయిదడుగుల రెండంగుళాలు దాటి కొంచెం చూపించింది. మేస్త్రి రెండుసార్లు కొలిచాడు, అంతే వచ్చింది.

టేపు చూపించినదాన్ని పైథాగరస్ సిద్ధాంతం కచ్చితంగా చెబుతుంది. ఆ ఎత్తు గీత త్రిభుజాన్ని రెండు లంబకోణ త్రిభుజాలుగా చీలుస్తుంది. ఒక్కోదానికి కర్ణం 6, కింది భుజం 3. కర్ణం వర్గం 36లోంచి 9 తీసేస్తే 27. 27కి వర్గమూలం 5.196. అడుగుల్లో 5.196 అంటే అయిదడుగుల రెండంగుళాల మీద ఇంకో మూడో వంతు అంగుళం. టేపు అబద్ధం చెప్పలేదు.

ఇక మూడుని 5.196తో గుణిస్తే 15.588. ఒక్క త్రిభుజానికి పదిహేనున్నర చదరపు అడుగుల పైన కొంచెం. అలాంటివి ఆరు కాబట్టి 93.53. గట్టు పైభాగం మొత్తం తొంభై మూడున్నర చదరపు అడుగులు.

ఆరుకి బదులు ఏ కొలతైనా దారి ఇదే. భుజాన్ని a అనుకుంటే ఎత్తు √3/2 × a, ఒక్క త్రిభుజం వైశాల్యం √3/4 × a². పిల్లలు "రూట్ త్రీ బై ఫోర్ ఏ స్క్వేర్" అని పాటలా అప్పజెప్పేది ఇదే. ఆరుతో గుణిస్తే:

(3√3/2) × a²

అంకెల్లో పెడితే 2.598 × a². చేతి లెక్కకి 2.6 పెట్టుకున్నా నష్టం లేదు. మా గట్టుకి 36ని 2.6తో గుణిస్తే 93.6 వస్తుంది. అసలుదానికీ దీనికీ తేడా పది చదరపు అంగుళాలు, అంటే సుమారు అర పోస్టుకార్డంత. కానీ రూట్ మూడుని 1.7 అని కోసేస్తే మాత్రం 91.8 వస్తుంది. ఒకటిన్నర చదరపు అడుగుల పైన రాయి తక్కువ పడుతుంది, చివరి పలక దగ్గర పని ఆగుతుంది. 1.732 వరకూ ఉంచుకోవాలి.

లెక్క తేలింది కాబట్టి ఇప్పుడు ఆ మూడు తప్పుల సంగతి చూద్దాం.

బాబాయి 113 ఎక్కణ్ణించి తెచ్చాడంటే, మధ్య నుంచి మూలకి ఆరడుగులు కదా, వృత్తం లెక్క కట్టేశాడు. ఆరు వర్గం 36ని 3.14తో గుణిస్తే 113. వృత్తం లెక్కగా అది తప్పు కాదు. కానీ గట్టుకి పక్కలు తిన్నగా ఉన్నాయి. వృత్తం మూలల దగ్గర మాత్రమే గట్టుని తాకి, ప్రతి పక్క దగ్గరా విల్లులా బయటికి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు ఒక్కో పక్కకి మూడుంపావు చదరపు అడుగులు, ఆరు పక్కలకీ పంతొమ్మిదిన్నర. "గుండ్రంగా కట్టుంటే నీ లెక్కే రైటు బాబాయ్" అంటే ఆయన శాంతించాడు.

దుకాణం వాళ్ళ 125 వేరే రకం. వాళ్ళకి పొడవు, వెడల్పు కావాలి. పొడవు అంటే మూల నుంచి ఎదురు మూలకి పన్నెండు అడుగులు. వెడల్పు అంటే పక్క నుంచి ఎదురు పక్కకి, రెండు త్రిభుజాల ఎత్తులు కలిపితే 10.39 అడుగులు. రెండూ గుణిస్తే 124.7. గట్టు సరిగ్గా ఇమిడే దీర్ఘచతురస్రం అది. నాలుగు మూలల్లో నాలుగు లంబకోణ త్రిభుజాలు గట్టులో లేనివి. ఒక్కోటి మన సమబాహు త్రిభుజంలో సరిగ్గా సగం. నాలుగు సగాలంటే రెండు త్రిభుజాలు. అంటే ఆ దీర్ఘచతురస్రంలో ఎనిమిది త్రిభుజాలంత చోటు ఉంది, మనకి కావలసింది ఆరు. ఎప్పుడైనా సరే, షడ్భుజి తన దీర్ఘచతురస్రంలో ముప్పాతిక వంతే. నా మటుకు నాకు ఇది సూత్రం కంటే నచ్చుతుంది, ఎందుకంటే లెక్క కట్టాక సరిచూసుకోడానికి పొడవు వెడల్పులు కొలిస్తే చాలు. 124.7లో ముప్పాతిక తీసి చూడండి, 93.5 వస్తుంది. దుకాణం వాళ్ళని తప్పు పట్టను, రాయి దీర్ఘచతురస్రాలుగానే వస్తుంది, కోతకి కొంత పోతుంది. కానీ అది కొనాల్సిన రాయి లెక్క, గట్టు వైశాల్యం కాదు. కోసిన ముక్కల్ని తిరగేసి మరో చోట అతికించే మేస్త్రి అయితే 125 అక్కర్లేకుండానే గట్టెక్కించగలడు.

మా వాడి 70 ఉందే, అది అన్నిటికంటే పనికొచ్చే తప్పు. వాడికి సూత్రం వచ్చు, గుణకారం కూడా తప్పు పోలేదు. టేపు పట్టుకుని గట్టు మీదికి ఎక్కి మూల నుంచి ఎదురు మూలకి కొలుద్దామంటే చెట్టు మొదలు అడ్డం వచ్చింది. చెట్టుని తప్పించి, ఒక మూల విడిచి తర్వాతి మూలకి టేపు లాగాడు. 10.4 అడుగులు వచ్చింది. దాంట్లో సగం మధ్య నుంచి మూలకి దూరం అనుకుని, అది పక్కకి సమానం కాబట్టి 5.2ని సూత్రంలో పెట్టాడు. 70 వచ్చింది.

వాడు సగం చేసినది మూల నుంచి మూలకి అడ్డంగా ఉన్న పొడుగు దూరం కాదు, పొట్టి దూరం. ఒక మూల విడిచి తర్వాతి మూలకున్న దూరమూ, పక్క నుంచి ఎదురు పక్కకున్న వెడల్పూ ఒక్కటే, రెండూ √3 × a. దాంట్లో సగం త్రిభుజం ఎత్తు అవుతుంది గానీ భుజం కాదు. భుజానికి బదులు ఎత్తు పెడితే జవాబు ఎంత తగ్గుతుందో కూడా ముందే చెప్పొచ్చు. ఎత్తు భుజంలో √3/2 వంతు, దాని వర్గం 3/4. కాబట్టి ఎప్పుడూ సరిగ్గా ముప్పాతికే వస్తుంది. 93.5లో ముప్పాతిక 70. దుకాణం వాళ్ళది మూడో వంతు ఎక్కువ, వీడిది నాలుగో వంతు తక్కువ. టేపు మీద చూసిన దూరం పక్కకి రెట్టింపు ఉందా, లేక రెట్టింపుకి కొంచెం తక్కువ ఉందా అని ఒకసారి చూసుకుంటే ఈ తప్పు జరగదు. పక్క ఆరైతే 12 రావాలి. 10.4 వచ్చిందంటే అది వేరే దూరం.

"అద్సరే మాస్టారూ, పక్కలన్నీ ఆరడుగులే. కానీ గట్టు వంకరగా ఉంటేనో?" అన్నాడు మేస్త్రి. అడగవలసిన ప్రశ్నే అది. ఇప్పటిదాకా చెప్పిన లెక్కంతా క్రమ షడ్భుజికే, అంటే పక్కలే కాదు, కోణాలూ సమానంగా ఉండాలి. పక్కలు ఒక్కటే సమానమైతే చాలదు. ఆరు చీపురుపుల్లల్ని సమానంగా విరిచి కొసల దగ్గర దారంతో ముడేయండి. రెండు వైపుల నుంచీ నొక్కితే అది నలుగుతుంది. పుల్లల పొడవు మారదు, లోపలి చోటు తగ్గిపోతుంది. మా గట్టే అలా నలిగి వెడల్పు 10.39కి బదులు 8 అడుగులే ఉందనుకుందాం. మధ్యలో ఆరు బై ఎనిమిది దీర్ఘచతురస్రం 48. రెండు కొసల్లో రెండు త్రిభుజాలు, ఒక్కోదానికి భూమి 8, ఏటవాలు భుజాలు 6. ఎత్తు వర్గం 36లోంచి 16 పోగా 20, ఎత్తు 4.47, వైశాల్యం 17.9. మొత్తం కలిపితే 84 లోపే. పక్కలన్నీ ఆరడుగులే, కానీ దాదాపు పది చదరపు అడుగులు మాయం.

కాబట్టి గట్టు నలిగిందా లేదా అని ఎలా చూడాలి? మధ్యలో మేకు కొట్టి ఆరు మూలలకీ తాడు లాగి చూడొచ్చు, ఆరూ ఆరడుగులైతే ఇక అనుమానం లేదు. కానీ మధ్యలో రావిచెట్టుంది. ఇక్కడే మా వాడు పొరపాటున లాగిన టేపు ఉపయోగపడింది. ఒక మూల విడిచి ఒక మూలకి కొలిచే గీత చెట్టు మధ్య నుంచి పోదు, మధ్యకి మూడడుగుల దూరం నుంచి పోతుంది. మొదలు ఎంత లావున్నా అంత దూరం రాలేదు. ఒకటి, మూడు, అయిదు నంబర్ల మూలల మధ్య మూడు దూరాలు కొలిచాం. మూడూ 10.39 అడుగులు రావాలి, అంటే పదడుగుల నాలుగు ముప్పావు అంగుళాలు. రెండు సరిగ్గా వచ్చాయి, మూడోది పావు అంగుళం తక్కువ వచ్చింది. ఇటుక గోడకి అది లెక్కలోది కాదు. పక్కలన్నీ సమానమై, ఈ మూడు దూరాలూ సరిపోతే ఆ షడ్భుజి ఎటూ కదలడానికి లేదు. మూడు మూలలూ ఒక సమబాహు త్రిభుజంగా బిగిసిపోతాయి, మిగిలిన మూడూ వాటి నుంచి చెరి ఆరడుగుల దూరంలో బయటి వైపు ఒకేచోట నిలవాలి.

చెట్టు మధ్యలో ఉండగా ఇంత సరిగ్గా ఎలా పెట్టావయ్యా అని మేస్త్రిని అడిగాను. మేకు లేకుండా వృత్తం గీయలేడు కదా. "షడ్భుజి ఏటో నాకు తెల్దండి. పద్దెనిమిది అడుగుల తాళ్ళు మూడు కట్టీసినాను, అంతే" అన్నాడు. చెట్టు చుట్టూ పద్దెనిమిది అడుగుల భుజంతో ఒక పెద్ద సమబాహు త్రిభుజం తాళ్ళతో బిగించాడు. ప్రతి తాడు మీదా ఆరడుగుల దగ్గర ఒకటి, పన్నెండు దగ్గర ఒకటి సుద్ద గుర్తు పెట్టాడు. మూడు తాళ్ళ మీద ఆరు గుర్తులు, అవే ఆరు మూలలు. మూడు పక్కలు తాళ్ళ మీదే ఉంటాయి, మిగిలిన మూడూ పెద్ద త్రిభుజం మూలల్ని కోసుకుంటూ పోతాయి. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడట.

నేను పాతికేళ్ళుగా బోర్డు మీద షడ్భుజి లోపలి నుంచి బయటికి గీశాను. ఈయన బయటి నుంచి లోపలికి గీశాడు. లెక్క కూడా అలాగే కట్టొచ్చు. పద్దెనిమిది అంటే ఆరుకి మూడు రెట్లు. భుజం మూడు రెట్లయితే వైశాల్యం తొమ్మిది రెట్లు, కాబట్టి పెద్ద త్రిభుజంలో చిన్నవి తొమ్మిది. మూలల్లో కోసేసినవి మూడు, అవీ ఆరడుగుల సమబాహు త్రిభుజాలే. తొమ్మిదిలో మూడు పోతే ఆరు. మధ్యలో చుక్క పెట్టకుండానే అదే జవాబు. ఈ దారి ఏ గైడులోనూ నాకు కనిపించలేదు గానీ, ఆరో తరగతి పిల్లాడికి చెప్పాలంటే నేనిప్పుడు ఇదే చెబుతాను.

ఇంకొక్కటి మిగిలింది. చెట్టు మొదలు చుట్టూ మట్టి వదిలెయ్యాలి, లేకపోతే చెట్టుకి నీరు అందదు. మధ్యలో రెండడుగుల పక్కతో చిన్న షడ్భుజి ఖాళీ వదిలారు. దాన్ని తీసెయ్యాలి కదా. మా వాడు వెంటనే "ఆరులో రెండు పోతే నాలుగు పెదనాన్నా, నాలుగు వర్గం 16ని 2.6తో గుణిస్తే 41.6" అన్నాడు. సగానికి సగం తప్పు. తియ్యాల్సింది పక్కల్ని కాదు, వైశాల్యాల్ని. చిన్నదాని వైశాల్యం నాలుగుని 2.598తో గుణిస్తే 10.39. దాన్ని 93.53లోంచి తీస్తే 83.14. కావాలంటే ఇంకోలా సరిచూడొచ్చు. ఖాళీ వదిలాక మిగిలింది ఆరు ట్రెపీజియంలు. ఒక్కోదానికి బయటి అంచు 6, లోపలి అంచు 2, వాటి సగటు 4. మధ్య దూరం పెద్ద త్రిభుజం ఎత్తులోంచి చిన్నదాని ఎత్తు తీస్తే 3.464. గుణిస్తే 13.86, ఆరుతో గుణిస్తే మళ్ళీ 83.14. వాడు రెండు దారులూ వేసుకుని అప్పుడు నమ్మాడు. పలకలు కోసేది కూడా ఈ ట్రెపీజియం ఆకారంలోనే కాబట్టి మేస్త్రికి ఈ రెండో లెక్కే కావలసి వచ్చింది.

83 అని దుకాణానికి ఫోన్ చేద్దామని నంబరు నొక్కుతుంటే మేస్త్రి ఆపాడు. "అంచు రెండంగుళాలు బయటికి తియ్యాల కదండి, నీళ్ళు గోడ మీద కారకుండా."

రెండంగుళాలే కదా అనుకుంటాం. పలక ప్రతి పక్కా గోడ మీంచి రెండంగుళాలు బయటికి జరిగితే పెరిగేది త్రిభుజం ఎత్తు. 5.196కి అంగుళాలు రెండు, అంటే 0.167 కలిపితే 5.363. ఎత్తు నుంచి భుజానికి రావాలంటే దాన్ని √3/2తో, అంటే 0.866తో భాగించాలి. 6.193 వస్తుంది. పక్క పెరిగింది రెండంగుళాలు కాదు, నాలుగూ కాదు, రెండంగుళాల మీద దాదాపు మూడో వంతు అంగుళం. 6.193ని వర్గం చేసి 2.598తో గుణిస్తే 99.6. రెండంగుళాల అంచుకి ఆరు చదరపు అడుగుల రాయి పెరిగింది. మధ్య ఖాళీ 10.4 తీస్తే 89.2.

మేస్త్రి చెవి మీంచి పెన్సిలు తీసి ఇటుక గోడ మీద 89 అని రాసి, పక్కనే "కోత వేరే" అని రాసుకున్నాడు. నేను ఫోన్ మళ్ళీ నొక్కాను.